కవరు విప్పకముందే రాయాల్సిన మూడు అంకెలు

నాలుగు కొటేషన్లలో ఏది తీసుకోవాలో మార్కులు వేసి తేల్చే పద్ధతి ఎలా పనిచేస్తుంది? ఎక్కడ దారి తప్పుతుంది?

ఒక చిన్న పట్టణంలో ప్రైవేటు బడి ఉందనుకుందాం. కొత్తగా కట్టిన గదుల్లోకి మూడు వందల మంది పిల్లలు రావాలి. ఇద్దరేసి కూర్చునే డ్యూయల్ డెస్కులు 150 కావాలి. జూన్ 12న బడి తెరుస్తారు కాబట్టి ఏప్రిల్ 25కల్లా ఆర్డర్ ఇచ్చెయ్యాలి. నలుగురు వ్యాపారుల నుంచి కొటేషన్లు వచ్చాయి. కమిటీ సభ్యులు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇలాంటి చోట మొదట వినపడే మాట ఒకటే: "అందరికంటే తక్కువ ఎవరు వేశారు?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఖర్చయ్యేది తల్లిదండ్రులు కట్టిన ఫీజు డబ్బు. కానీ వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "తక్కువకు ఇచ్చినవాడి బెంచీలు రెండేళ్లకే ఊగుతాయండీ, మళ్లీ కొనాలి." మూడో ఆయన ఆందోళన వేరు: "ఎంత మంచివైనా, బడి తెరిచే రోజుకు రాకపోతే పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టాలి." ముగ్గురూ చెప్పింది నిజమే. ధర, నాణ్యత, గడువు మూడూ ముఖ్యమే. చిక్కంతా ఈ మూడింటినీ కలిపి చూడటంలో ఉంది. రూపాయలు, రోజులు, పైపు మందం ఒకదానితో ఒకటి కూడవు. ఆ కూడిక కుదరకపోతే చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట చెల్లుతుంది.

పర్చేజ్ విభాగాల్లో పనిచేసేవాళ్లు దీనికి ఒక పట్టిక వాడతారు. ప్రతి కొటేషన్‌కూ ధర మీద ఇన్ని, గడువు మీద ఇన్ని, నాణ్యత మీద ఇన్ని అని నూటికి మార్కులు వేస్తారు. ఏ అంశానికి ఎంత వెయిటేజీ ఇవ్వాలో ముందే అనుకుని, ఆ ప్రకారం కలుపుతారు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు ఆర్డర్ ఇస్తారు.

వెయిటేజీ తెలుగు ఇళ్లకు కొత్త మాటేమీ కాదు. ఎంసెట్ ర్యాంకులో పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం లెక్కపెట్టిన రోజులు చాలామందికి గుర్తే. రెండు వేర్వేరు పరీక్షల మార్కులను ఒక అంకెగా మార్చడమే అక్కడ జరిగింది. ఇక్కడా అదే జరుగుతుంది. అయితే కొటేషన్ల పట్టికలో ఒక అపాయం ఉంది. అంకెలు కనపడగానే అది తేల్చిన తీర్పు మీద మనకు నమ్మకం కలుగుతుంది. నిజానికి ఆ అంకెల్ని ఏ వరసలో, ఏ సూత్రంతో తెచ్చామన్నదాన్ని బట్టి గెలిచేవాళ్లు మారిపోతారు. ఈ బడి లెక్కనే చివరిదాకా చేసి చూద్దాం. వ్యాపారులను క, ఖ, గ, ఘ అని పిలుద్దాం.

ముందు ధరలను ఒక దారికి తేవాలి

కొటేషన్ కాగితం మీద క రాసిన ధర డెస్కుకు 3,600 రూపాయలు. ఖ రాసింది 5,000. చూడగానే తేడా 1,400 అనిపిస్తుంది. కింద చిన్న అక్షరాలు చదివితే సంగతి వేరు. క ధర ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరది. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 648 రూపాయలు. లారీ కిరాయి, దింపుడు కూలి, గదుల్లో బిగింపు కలిపి డెస్కుకు 252 రూపాయలు. మొత్తం 4,500. ఖ మాత్రం పన్ను, రవాణా, బిగింపు అన్నీ కలిపే 5,000 అన్నాడు. అసలు తేడా 500 మాత్రమే.

పన్ను విషయంలో బడులు ఒకటి గుర్తుంచుకోవాలి. వ్యాపార సంస్థలు తాము కట్టిన జీఎస్‌టీని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగి సర్దుబాటు చేసుకోగలవు. పాఠశాల విద్యకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది కాబట్టి బడికి ఆ సర్దుబాటు దొరకదు. అందుకని బడికి పన్ను కూడా ధరలో భాగమే. అదే బల్లలు ఒక కంపెనీ తన ఆఫీసు కోసం కొంటే లెక్క వేరుగా వేసుకోవాల్సి రావచ్చు.

ఇలా సర్దాక, గదిలో బిగించి అప్పగించే ధరలు ఇవి: క 4,500, ఖ 5,000, గ 6,000, ఘ 3,000. పట్టికలోకి ఎక్కాల్సినవి ఈ ధరలే. కొటేషన్ పైన పెద్ద అక్షరాలతో ఉన్నవి కావు.

మార్కులకు ముందు జల్లెడ

మార్కుల పద్ధతికి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. ఒక అంశంలో పోయిన మార్కుల్ని ఇంకో అంశంలో రాబట్టుకోవచ్చు. ఊగే బెంచీ చవకదనంతో నెట్టుకొచ్చేస్తుంది. కానీ కొన్ని లోపాలను ఏ చవకదనమూ పూడ్చలేదు. వాటిని మార్కులకు వదలకుండా, దాటితేనే లోపలికి అన్న కనీస షరతులుగా ముందే రాయాలి.

ఈ బడి మూడు షరతులు పెట్టుకుంది. డెస్కు చట్రానికి వాడే 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు మందం 1.2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దీన్నే బజారులో 18 గేజి అంటారు. పిల్లల చేతికి, మోకాలికి తగిలే చోట పదునైన అంచులు ఉండకూడదు. ఆర్డర్ ఇచ్చిన 40 రోజుల్లో సరుకు దిగాలి. ఏప్రిల్ 25 నుంచి 40 రోజులంటే జూన్ 4. ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోవడానికి వారం మిగులుతుంది.

నలుగురి దగ్గరా ఒక్కో నమూనా డెస్కు తెప్పించారు. పైపు మందం పైకి తెలియదు. రంగు వేశాక 1 మిల్లీమీటరు పైపూ 1.2 మిల్లీమీటర్ల పైపూ ఒకేలా కనపడతాయి. తెలుసుకోవడానికి తేలికైన దారి తక్కెడ. 25 మిల్లీమీటర్ల చదరపు పైపు 1.2 మందంలో మీటరు సుమారు 900 గ్రాములు తూగుతుంది. 1.6 మందంలో, అంటే 16 గేజిలో, కిలో 180 గ్రాముల దాకా ఉంటుంది. 1 మిల్లీమీటరైతే 750 గ్రాములే. డెస్కులో మొత్తం 9 మీటర్ల పైపు పడుతుందనుకుంటే, చెక్కలు విప్పి తీసిన చట్రం 8 కిలోలకు పైగా ఉండాలి. ఘ పంపిన నమూనా చట్రం 6 కిలోల 800 గ్రాములు తూగింది. కొటేషన్‌లో 18 గేజి అని రాసి, 1 మిల్లీమీటరు పైపు వాడారన్నమాట. ఘ జల్లెడలోనే ఆగిపోయాడు.

మిగిలిన ముగ్గురూ షరతులు దాటారు. మార్కుల పోటీ ఈ ముగ్గురి మధ్యే.

మార్కులు ఎలా వేయాలి?

"నాణ్యత బాగుంది, 80 వేద్దాం" అంటే అది మార్కు కాదు, అభిప్రాయం. ఏ సరుకుకు ఎంత అన్నది నమూనాలు చూడకముందే కాగితం మీద రాసి ఉండాలి. ఈ బడి నాణ్యతను నాలుగు ముక్కలు చేసింది. చట్రానికి 30: పైపు 1.2 అయితే 15, 1.6 అయితే 30. చెక్కకు 30: పార్టికల్ బోర్డు అయితే 10, మామూలు ప్లైవుడ్ అయితే 20, తడిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్ అయితే 30. వెల్డింగ్, పౌడర్ కోటింగ్ కలిపి 20. వారంటీకి 20: ఏడాది లోపైతే 5, ఏడాదికి 10, రెండేళ్లకు 15, అంతకు మించితే 20.

చెక్కకు అన్ని మార్కులు ఎందుకంటే, బడి బల్లలు చాలావరకు పాడయ్యేది అక్కడే. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. అంచు పట్టీ ఊడిన చోట వాటర్ బాటిల్ ఒలికితే తడి లోపలికి పోయి పలక ఉబ్బుతుంది. ఉబ్బిన చోట మరలు పట్టు వదులుతాయి. ఒకసారి వదిలిన మర ఎంత బిగించినా నిలవదు. ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువుగా అతికి ఉంటాయి కాబట్టి మరకు పట్టు దొరుకుతుంది.

ఈ కొలబద్దతో క కు చట్రంలో 15, చెక్కలో 10, వెల్డింగ్‌లో 15, వారంటీలో 10, మొత్తం 50 వచ్చాయి. ఖ కు 30, 20, 15, 15, మొత్తం 80. గ కు 30, 30, 15, 15, మొత్తం 90. వెల్డింగ్‌లో ముగ్గురికీ 15 మార్కులే వచ్చాయని గమనించండి. అందరికీ సమానంగా మార్కులు వచ్చిన అంశం ఎవరినీ ఎంపిక చేయదు. పట్టికలో ఎన్ని వరసలున్నాయన్నది కాదు, తేడా చూపే వరసలు ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం.

వెల్డింగ్ లాంటివి కంటితో చూసి వేసే మార్కులు. వాటిని ముగ్గురు విడివిడిగా వేసి సగటు తీయాలి. ఆ ముగ్గురికీ అప్పటికి ధరలు తెలియకూడదు. ఎక్కువ ధర అని తెలిసిన వస్తువు మన కంటికి మంచిదిగానే కనపడుతుంది. అందుకే పెద్ద టెండర్లలో సాంకేతిక వివరాల కవరు, ధర కవరు వేర్వేరుగా తీసుకుని, మొదటి కవరు మార్కులు తేలాకే రెండోది విప్పుతారు. చిన్న బడిలో కూడా ఈ జాగ్రత్త కుదురుతుంది. నమూనాల మీద వ్యాపారి పేరుకు బదులు నంబరు చీటీ అంటించి, ధర కవర్లను ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు.

గడువుకు మార్కులు వేసేటప్పుడు ఇంకో సంగతి ఆలోచించాలి. 20 రోజుల్లో తెచ్చేవాడు 25 రోజుల్లో తెచ్చేవాడికంటే గొప్పా? మే నెలలో బడికి సెలవులు. ముందొచ్చిన బల్లలు వరండాలో పడి ఉంటాయి. ఉపయోగం లేని తొందరకు మార్కులిస్తే, దాని ఖరీదు నాణ్యత నుంచో ధర నుంచో కడుతున్నట్టే. అందుకని ఈ బడి 25 రోజుల లోపైతే 100, 26 నుంచి 32 రోజులైతే 80, 33 నుంచి 40 అయితే 50 అని మెట్లు పెట్టుకుంది. క 38 రోజులు అడిగాడు, 50 మార్కులు. ఖ 30 రోజులు, 80 మార్కులు. గ 20 రోజులు, 100 మార్కులు. అయితే ఇవన్నీ కొటేషన్‌లో చెప్పిన రోజులే. ఇంతకుముందు వాళ్ల దగ్గర కొన్న రెండు బడులకు ఫోన్ చేసి, చెప్పిన రోజుకు తెచ్చారా, ఎన్ని రోజులు ఆలస్యం చేశారు అని అడిగి, ఆ ఆలస్యాన్ని కలిపి చూడటం మంచిది.

ఇక ధర. ఎక్కువగా వాడే సూత్రం ఇది: అందరిలోకీ తక్కువ ధరకు 100 మార్కులు. మిగతావాళ్లకు, ఆ తక్కువ ధరను వాళ్ల ధరతో భాగించి నూటితో గుణించాలి. క కు 100. ఖ కు 4,500 ని 5,000 తో భాగిస్తే 90. గ కు 4,500 ని 6,000 తో భాగిస్తే 75.

కూడిక

కమిటీ ముందే అనుకున్న వెయిటేజీ ఇది: ధరకు 50, గడువుకు 15, నాణ్యతకు 35. ప్రతి మార్కునూ దాని వెయిటేజీతో గుణించి, నూటితో భాగించి కూడాలి.

| వ్యాపారి | ధర (50) | గడువు (15) | నాణ్యత (35) | మొత్తం |
|---|---|---|---|---|
| క | 100 | 50 | 50 | 75 |
| ఖ | 90 | 80 | 80 | 85 |
| గ | 75 | 100 | 90 | 84 |

ఎక్సెల్‌లో చేసేవాళ్లు మొదటి వరసలో B, C, D గడుల్లో వెయిటేజీలు, రెండో వరస నుంచి మార్కులు రాసుకుని, E2 గడిలో ఈ సూత్రం పెట్టి కిందికి లాగితే సరిపోతుంది.

```
=SUMPRODUCT(B2:D2,$B$1:$D$1)/100
```

ఖ గెలిచాడు. అతి తక్కువ ధర కాదు, అతి గొప్ప సరుకూ కాదు. మూడింటిలోనూ తగినంత ఉన్నవాడు. ఇక్కడితో ఆగిపోతే ఇది తేలిక లెక్క. కానీ ఈ ఫలితం ఎంత గట్టిదో తట్టి చూడాలి.

జల్లెడ మరిచిపోయి ఉంటే?

ఘ ను ముందే పక్కన పెట్టకుండా, "మార్కుల్లోనే తేలిపోతుందిలే" అని పట్టికలోకి ఎక్కించారనుకుందాం. ఘ ధర 3,000, గడువు 22 రోజులు. నాణ్యతలో అన్నీ కలిపి 20 మార్కులే. ఇప్పుడు అతి తక్కువ ధర 3,000 అయింది కాబట్టి అందరి ధర మార్కులూ మారతాయి. ఘ కు 100, క కు 66.7, ఖ కు 60, గ కు 50. మొత్తాలు కడితే ఘ కు 72, గ కు 71.5, ఖ కు 70, క కు 58.3.

పైపు మందంలో మోసం చేసిన వ్యాపారికి ఆర్డర్ వెళ్లిపోయింది. ధరలోనూ గడువులోనూ నిండు మార్కులు తెచ్చుకుని, నాణ్యతలో పోయినదాన్ని పూడ్చుకున్నాడు. అంతకంటే గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఇందాక ఖ కంటే వెనకున్న గ ఇప్పుడు ఖ ను దాటాడు. వాళ్లిద్దరి ధర, సరుకు, గడువు ఏవీ మారలేదు. మధ్యలో ఒక చవక కొటేషన్ రావడమే వాళ్ల వరస మార్చింది. తక్కువ ధర ఎంత కిందికి పోతే మిగతావాళ్ల ధర మార్కుల మధ్య తేడా అంత కుంచించుకుపోతుంది, నాణ్యత తేడాలు పైకి లేస్తాయి. కాబట్టి అర్హత లేని కొటేషన్‌ను ఓడించడం చాలదు, దాని ధర లెక్కలోకే రాకూడదు. జల్లెడ ముందు, మార్కులు తరువాత అనేది ఇందుకే.

సూత్రం మారితే గెలుపు మారుతుంది

ధరకు మార్కులు వేయడానికి ఇంకో సూత్రం కూడా వాడుకలో ఉంది. అతి తక్కువ ధరకు 100, అతి ఎక్కువ ధరకు సున్నా, మధ్యవాళ్లకు ఆ దూరాన్ని బట్టి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన లెక్కలో పెట్టి చూద్దాం. క కు 100, గ కు సున్నా. ఖ మధ్యలో ఉన్నాడు, 66.7. అదే వెయిటేజీతో కూడితే క కు 75, ఖ కు 73.3, గ కు 46.5.

ఇప్పుడు క గెలిచాడు. వెయిటేజీ అదే, కొటేషన్లు అవే, నాణ్యత మార్కులు అవే. ధర సూత్రం ఒక్కటే మారింది. 1,500 రూపాయల తేడాను ఈ సూత్రం సున్నా నుంచి నూటి దాకా సాగదీసింది. ధరలు 4,500, 4,550, 4,600 ఉన్నా సరే, చివరివాడికి సున్నాయే పడుతుంది. వంద రూపాయల తేడా కొండంత అవుతుంది.

ఈ సూత్రానికి ఇంకో ప్రమాదం ఉంది. ఎవరైనా తమకు తెలిసిన మరో దుకాణం చేత 9,000 రూపాయలకు ఒక ఉత్తుత్తి కొటేషన్ వేయించారనుకోండి. ఆ కొటేషన్ గెలవదు, గెలవాలని వేసిందీ కాదు. కానీ ధర సున్నా ఇప్పుడు 9,000 దగ్గరికి జరిగింది. గ కు సున్నాకు బదులు 66.7, ఖ కు 88.9 వస్తాయి. మొత్తాలు క 75, ఖ 84.4, గ 79.8. గెలుపు క నుంచి ఖ కు మారింది. అందుకే చిన్న కొనుగోళ్లకు తక్కువ ధరను భాగించే మొదటి సూత్రమే మేలు. ఎక్కువ ధర కొటేషన్ ఎన్ని వచ్చినా దానిలో వరస మారదు. ఏ సూత్రం వాడినా దాన్ని వెయిటేజీతో పాటు ముందే రాసి పెట్టాలి.

వెయిటేజీ అంటే మారకపు రేటు

నాణ్యతకు 35 ఎందుకు, 40 ఎందుకు కాదు? ఈ ప్రశ్నకు చాలా కమిటీల దగ్గర సమాధానం ఉండదు. గుండ్రటి అంకెలు చూసి వేసేస్తారు. కానీ ఆ అంకెల్లో దాగి ఉన్నది ఒక మారకపు రేటు. నాణ్యతలో ఒక మెట్టు ఎక్కడానికి ఎన్ని రూపాయలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామన్నదే ఆ రేటు. దాన్ని బయటికి తీయడం కష్టం కాదు.

నాణ్యతలో 10 మార్కులు పెరిగితే మొత్తంలో 3.5 పెరుగుతుంది. ధర మార్కుల్లో 7 తగ్గితే మొత్తంలో అంతే, 3.5, తగ్గుతుంది. ఖ ధర మార్కులు 90 నుంచి 83కు పడాలంటే ధర 5,000 నుంచి సుమారు 5,420కి పెరగాలి. అంటే మన పట్టిక చెబుతున్నది ఇది: మామూలు ప్లైవుడ్ నుంచి బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్‌కు మారడానికి డెస్కుకు 420 రూపాయల దాకా ఎక్కువ ఇవ్వవచ్చు.

ఇప్పుడు ఈ మాటను కమిటీ ముందు పెట్టండి. వెయిటేజీ 35 ఉండాలా 40 ఉండాలా అంటే ఎవరూ చెప్పలేరు. తడికి ఉబ్బని చెక్కకు 420 రూపాయలు ఎక్కువ పెడదామా అంటే మాత్రం అందరికీ అభిప్రాయం ఉంటుంది. వడ్రంగిని అడగవచ్చు. పాత గదుల్లో ఎన్ని బల్లలు ఏ కారణంతో పాడయ్యాయో లెక్క చూడవచ్చు. 420 ఎక్కువనిపిస్తే నాణ్యత వెయిటేజీ తగ్గించాలి, తక్కువనిపిస్తే పెంచాలి. ఈ చర్చ కవర్లు విప్పకముందు, బజారులో ఉండే ఉజ్జాయింపు ధరలతో జరగాలి. విప్పాక జరిగితే అది వెయిటేజీ చర్చ కాదు. తమకు కావలసిన వ్యాపారి గెలిచేదాకా అంకెలు జరపడమే అవుతుంది.

ఒక్క మార్కు తేడాను ఎంత నమ్మాలి?

ఖ కు 85, గ కు 84. వెల్డింగ్ చూసిన ముగ్గురూ గ కు కాస్త ఉదారంగా మార్కులు వేసి ఉంటే ఆ ఒక్క మార్కు మాయమయ్యేది. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు వెయిటేజీని కొద్దిగా అటూ ఇటూ జరిపి చూడాలి. గెలుపును మార్చడానికి కాదు, ఫలితం ఎంత గట్టిదో తెలుసుకోవడానికి.

గడువును 15 దగ్గరే ఉంచి ధరకు 60, నాణ్యతకు 25 ఇస్తే ఖ 86, గ 82.5, క 80. ధరకు 40, నాణ్యతకు 45 ఇస్తే గ 85.5, ఖ 84, క 70. ధరకు ఏకంగా 70 ఇచ్చి నాణ్యతకు 15 మిగిల్చినా ఖ 87, క 85. ధరకు 80 ఇచ్చి, మిగతా రెండింటికీ పదేసి మిగిల్చితేనే క 90తో ఖ ను దాటుతాడు.

దీన్ని బట్టి రెండు సంగతులు తేలతాయి. మొదటిది గట్టిది: ధర తప్ప మరేమీ పట్టదనుకుంటే తప్ప క ను ఎంచుకోవడానికి కారణం లేదు. రెండోది మెత్తనిది: ఖ, గ ల మధ్య పట్టిక నిజంగా ఏమీ తేల్చలేదు, ఇద్దరూ సమానం. ఇలాంటప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి. రెండు మార్కుల లోపు తేడా ఉంటే తక్కువ ధరవాళ్లకు ఇవ్వాలని ఈ బడి రాసుకుంది. గ ను ఎంచుకుంటే 150 డెస్కుల మీద లక్షా యాభై వేల రూపాయలు ఎక్కువవుతాయి. పట్టిక సమానమన్న చోట ఆ డబ్బు మిగుల్చుకోవడమే సబబు. ఆర్డర్ ఖ కు వెళ్లింది. నమూనా డెస్కును సంతకాలు చేసిన చీటీతో ఆఫీసులోనే ఉంచుకున్నారు. సరుకు దిగిన రోజు అందులోంచి ఐదారు డెస్కులు తీసి, చట్రాలను మళ్లీ తూకం వేసి నమూనాతో సరిచూస్తారు. మార్కులు వచ్చింది నమూనాకు. పిల్లలు కూర్చునేది దిగిన సరుకు మీద.

ప్రభుత్వ టెండర్లలో

ఎల్-1 అన్న మాట పత్రికల్లో తరచూ చూస్తుంటాం. అర్హత దాటినవాళ్లలో అతి తక్కువ ధర వేసినవారు ఎల్-1. సరుకుల కొనుగోలులో ప్రభుత్వం సాధారణంగా పాటించేది ఈ పద్ధతినే. కనీస ప్రమాణాలను గట్టిగా రాయగలిగిన చోట అది మంచి పద్ధతే. మన బడి కూడా 1.6 పైపు, బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్ తప్పనిసరి అని షరతు పెట్టి ఉంటే మార్కులతో పని ఉండేది కాదు, ధర చూస్తే చాలు. కన్సల్టెన్సీ సేవల్లో మాత్రం నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దాన్ని క్యూసీబీఎస్ అంటారు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఈ పద్ధతిని కొన్ని షరతులతో నిర్మాణ పనులకూ, కన్సల్టెన్సీ కాని సేవలకూ అనుమతించింది. అయితే ధర కాని అంశాల వెయిటేజీ 30 శాతం మించకూడదని హద్దు పెట్టింది. కంటితో చూసి వేసే మార్కులకు హద్దు లేకపోతే, ఇష్టమైనవాళ్లకు పని కట్టబెట్టే దారి తెరుచుకుంటుంది. ఆ హద్దు అవసరం అందుకే.

అపార్ట్‌మెంట్ జనరేటరైనా, గుడి మైకు సెట్టయినా, ఊరి లైబ్రరీ బీరువాలైనా పదిమంది డబ్బుతో కొనేటప్పుడు వరస ఇదే. కనీస షరతులు, మూడు వెయిటేజీలు, ధర సూత్రం, మార్కులు దగ్గరగా వస్తే ఏం చేయాలన్న నియమం. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, కమిటీ అంతా సంతకాలు పెట్టి, ఆ తరువాతే మొదటి కవరు విప్పండి. రేపు ఎవరైనా "వీళ్లకే ఎందుకిచ్చారు?" అని అడిగితే చూపించాల్సింది మొత్తం మార్కుల పట్టిక ఒక్కటే కాదు, కవర్లు విప్పడానికి ముందు తేదీ ఉన్న ఆ కాగితం.